ఐదువేల టిక్కీలు, రెండువేల టిక్కీల బీమా

‘‘కోటీ 60 లక్షలకు పాలసీ ఉంది. నాకు పోయింది 75 లక్షలు. అంటే పాలసీలో సగం కూడా వాడుకోలేదు. మరి 30 లక్షలే ఇస్తామంటారేంటయ్యా?’’

గుంటూరు శివార్లలోని ఓ మిర్చి గోదాములో, తడిసిన గోనెసంచుల వాసన ఇంకా పోని గదిలో కూర్చుని వ్యాపారి తన బీమా ఏజెంటును అడిగిన ప్రశ్న ఇది. సర్వేయర్ రిపోర్టు ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. ప్రీమియం ఏ ఏడూ ఆలస్యం చేయలేదు. మంట కరెంటు తీగల నుంచే వచ్చిందని తేలింది, అందులో అనుమానమేమీ లేదు. కంపెనీ క్లెయిమును తోసిపుచ్చనూ లేదు. చివరి పేజీలో ‘అండర్ ఇన్సూరెన్స్’ అనే ఒక్క గడి దగ్గర మాత్రం 75 కాస్తా 30 అయింది.

ఈ వ్యాపారి ఫలానా ఆయనని కాదు. సరుకు గోదాములు కాలినప్పుడు మళ్లీ మళ్లీ వినిపించే తగాదా ఇది. లెక్క సులువుగా అందాలని ఇక్కడ అంకెల్ని గుండ్రంగా తీసుకున్నాం. పేచీ అంతటికీ కారణం పాలసీ కాగితాల్లో ఎక్కడో వెనక ఉండే యావరేజ్ క్లాజ్.

పేరు చూసి చాలామంది ఇదేదో సగటు లెక్క అనుకుంటారు. కాదు. ఈ మాట ఓడల బీమా నుంచి వచ్చింది. సముద్రంలో సరుకు పాడైతే వచ్చే నష్టాన్నీ, దాన్ని సంబంధించినవాళ్లంతా పంచుకోవడాన్నీ పాత రోజుల్లో ఆ పేరుతో పిలిచేవారు. ‘పాడైన సరుకు’ అనే అర్థమున్న అరబ్బీ మాటలో దీని మూలం ఉందంటారు. కాబట్టి ఈ క్లాజును తెలుగులో చెప్పుకోవాలంటే ‘సగటు’ కన్నా ‘వాటా’ అనడమే దగ్గర.

నిబంధన సారాంశం ఇంతే. నష్టం జరిగిన రోజున సరుకు అసలు విలువ బీమా మొత్తం కన్నా ఎక్కువ ఉంటే, ఆ తేడా మేరకు సరుకు యజమాని తనకు తానే బీమా కంపెనీ అయినట్టు లెక్క. నష్టంలో ఆ వాటా ఆయనే భరించాలి.

చదివితే చిన్నదే. కానీ 75 లక్షల మీద ఆశ పెట్టుకున్న మనిషికి ఇది మింగుడు పడదు. ఏజెంటు క్లాజు చదివి వినిపించకుండా ముందు లోపలి సరుకు లెక్కెట్టాడు.

గుంటూరు యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. టిక్కీకి 40 కిలోలు అనుకుంటే, మంట అంటుకున్న రోజు గోదాములో ఉన్న 5,000 టిక్కీలు 2,000 క్వింటాళ్లు. ఆ సీజనులో కొన్న ధరకు హమాలీ, రవాణా కలుపుకుని క్వింటాలు గోదాము చేరేసరికి 20,000 రూపాయలు పడింది. అంటే సరుకు విలువ 4 కోట్లు. పాలసీలో రాసి ఉన్నది 1.6 కోట్లు. అదే ధరకు చూస్తే 1.6 కోట్లకు వచ్చేది 2,000 టిక్కీలు మాత్రమే.

‘‘బాబాయ్ గారూ, గోదాములో 5,000 టిక్కీలు పెట్టి 2,000 టిక్కీలకు బీమా చేశారు. ఆ 2,000 ఏవి? వాటి మీద సుద్దముక్కతో గుర్తేమైనా పెట్టారా?’’

‘‘గుర్తులేంటయ్యా? అన్నీ నావేగా!’’

‘‘మరి కాలినవి బీమా ఉన్నవో, లేనివో ఎలా చెబుతాం?’’

వ్యాపారి తడుముకున్నది ఇక్కడే. ఆయన మనసులో ఉన్న లెక్క ప్రకారం ముందు కాలే టిక్కీలన్నీ బీమా ఉన్నవే. కాలకుండా మిగిలినవి బీమా లేనివి. 2,000 టిక్కీలు దాటి కాలితేనే తన చెయ్యి పడుతుందని ఆయన లెక్క. యావరేజ్ క్లాజ్ ఈ లెక్కను ఒప్పుకోదు. ఏ టిక్కీకి బీమా ఉందో చెప్పలేం కాబట్టి ప్రతి టిక్కీకీ కొంత ఉన్నట్టే చూస్తుంది. 5,000లో 2,000 అంటే అయిదింట రెండు వంతులు. 40 కిలోల ప్రతి టిక్కీలో 16 కిలోలు కంపెనీ పూచీ, 24 కిలోలు యజమాని పూచీ. గోదాములో ఏ మూల టిక్కీ కాలినా పంపకం ఇదే.

ఇప్పుడు సర్వేయర్ కాగితం అర్థమవుతుంది. కాలినవి, తడిసినవి, పొగ పట్టినవి కలిపి 1,000 టిక్కీలు దెబ్బతిన్నాయి. వాటి విలువ 80 లక్షలు. అందులో పూర్తిగా కాలని సరుకును అమ్మితే 5 లక్షలు వచ్చింది. దీన్ని సాల్వేజ్ అంటారు. అది తీసేస్తే నికర నష్టం 75 లక్షలు. దాన్ని 1.6తో హెచ్చించి 4తో భాగిస్తే 30 లక్షలు. పాలసీదారు ప్రతి క్లెయిములోనూ సొంతంగా భరించాల్సిన ఎక్సెస్ అనే చిన్న మొత్తం ఇందులోంచి ఇంకా పోతుంది. సరుకు మీద బ్యాంకు అప్పు ఉంటే పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది కాబట్టి, వచ్చిన చెక్కు ముందు అప్పు ఖాతాకే చేరుతుంది.

‘‘మొత్తం గోదాము కాలిపోయుంటే?’’ అన్నాడు వ్యాపారి.

‘‘అప్పుడు కోటీ 60 లక్షలూ వచ్చేవి.’’

వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క అదే చెబుతుంది. 4 కోట్ల నష్టాన్ని 1.6తో హెచ్చించి 4తో భాగిస్తే సరిగ్గా 1.6 కోట్లు. మొత్తం పోయినప్పుడు బీమా మొత్తమే గరిష్ఠ హద్దు కాబట్టి యావరేజ్ క్లాజ్‌కు ప్రత్యేకంగా కోసేదేమీ ఉండదు. దాని పదునంతా కొంత కాలి, కొంత మిగిలినప్పుడు తెలుస్తుంది. గోదాములో నిప్పు పుట్టినప్పుడు ఫైరింజను వచ్చేలోగా ఒక వరసో, ఒక మూలో పోవడం, మిగతాది దక్కడం మామూలే. అలాంటి నష్టాల కోసమే ఈ క్లాజు పుట్టింది.

ఇది అన్యాయమనిపించే వ్యాపారికి పక్క గోదాము లెక్క చూపించాలి. అక్కడా 5,000 టిక్కీలే, విలువ 4 కోట్లే. ఆయన 4 కోట్లకూ పాలసీ తీసుకున్నాడు. ఉదాహరణకు ప్రీమియం వెయ్యికి 2 రూపాయలనుకుంటే పన్నులు కాకుండా ఏటా 80,000 కట్టాడు. మన వ్యాపారి కట్టింది 32,000. ఇద్దరి గోదాముల్లోనూ 1,000 టిక్కీలే పోయి, ఇద్దరికీ 75 లక్షలే ఇస్తే ఇక పూర్తి విలువకు బీమా చేసేదెవరు? అందరూ కొసరుగా కొంతకు చేసుకుని, చిన్నా మధ్యస్థం నష్టాలన్నీ పూర్తిగా రాబట్టుకుంటారు. 80,000 కట్టినవాడి డబ్బుతో 32,000 కట్టినవాడి నష్టం పూడ్చినట్టవుతుంది. ఈయన ఏడాదికి మిగుల్చుకున్నది 48,000. ఒక్క మంటలో వదులుకున్నది 45 లక్షలు.

ఇంతకీ ఆ 1.6 కోట్లు ఎక్కణ్నుంచి వచ్చింది? వ్యాపారి ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. పాలసీ మొదట తీసుకున్న ఏడు కూడా గోదాములో 5,000 టిక్కీలే. అప్పట్లో క్వింటాలు 8,000 పడింది. 2,000 క్వింటాళ్లకు సరిగ్గా 1.6 కోట్లు. ఆ రోజుకు అది నిఖార్సయిన అంకె. తర్వాత ఏటా రెన్యువల్ నోటీసు రావడం, గుమస్తా అదే మొత్తానికి డబ్బు కట్టేయడం జరిగిపోయింది. టిక్కీలు పెరగలేదు కాబట్టి బీమా పెంచాలని ఎవరికీ తోచలేదు. టిక్కీ లోపలి ధర పెరిగిన సంగతి పాలసీకి ఎవరూ చెప్పలేదు.

మిర్చిలో ఇది జరగడానికి ఎక్కువ కాలం పట్టదు. 2017లో ధర కుప్పకూలినప్పుడు కేంద్రం క్వింటాలు 5,000 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2023లో గుంటూరులో తేజ రకం 20,000 దాటింది. 2025 ఫిబ్రవరికి మళ్లీ దిగజారి, ఈసారి జోక్యం ధర 11,781 రూపాయలైంది. గోడలు, తాళం, టిక్కీల లెక్క ఏవీ మారకుండానే ఒకే గోదాము విలువ ఎనిమిదేళ్లలో నాలుగింతలై, మళ్లీ సగానికి దగ్గరగా పడిపోగలదు.

సర్వేయర్‌కు 4 కోట్ల అంకె ఎలా దొరికిందని వ్యాపారి అడిగాడు. ఆయన రాగానే మిగిలిన టిక్కీలను లాట్ల వారీగా లెక్కపెట్టించాడు. కాలినవాటిని లెక్కపెట్టలేడు కాబట్టి పుస్తకాల్లోకి వెళ్లాడు. సీజను మొదట్లో ఉన్న సరుకుకు యార్డు పట్టీల్లో కనిపించే కొనుగోళ్లు కలిపి, అమ్మకం బిల్లులు తీసేస్తే ఆ రోజుకు లోపల ఉండాల్సిన సరుకు తేలుతుంది. దాన్ని జీఎస్టీ రిటర్నులతో సరిచూశాడు. ఇక అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వ్యాపారి స్వయంగా సంతకం చేసినదే. అప్పు పరిమితి కోసం ప్రతి నెలా బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్ అది. మంటకు పది రోజుల ముందు ఇచ్చిన కాగితంలో సరుకు విలువ దాదాపు 4 కోట్లని ఉంది. బ్యాంకుకు 4 కోట్లు చూపించి, బీమాకు 1.6 కోట్లు రాస్తే సర్వేయర్ ఏ అంకె నమ్ముతాడో వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు వ్యాపారికి ఇంకో దారి తట్టింది. అదే పాలసీలో గోదాము కట్టడానికి 80 లక్షలు విడిగా రాశారు. షెడ్డును మళ్లీ కట్టాలంటే 50 లక్షలకు మించదు. ‘‘అక్కడ 30 లక్షలు ఎక్కువున్నాయిగా, ఇటు కలపరా?’’ కలపరు. పాలసీలో కట్టడం, యంత్రాలు, సరుకు అని విడివిడిగా రాసిన ప్రతి పద్దుకూ యావరేజ్ లెక్క విడివిడిగానే చూస్తారు. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దులో తగ్గినదాన్ని పూడ్చదు. ఆ 80 లక్షలు ఎలా వచ్చిందంటే, షెడ్డు విలువలో స్థలం ధర కూడా కలిపేశారు. భూమి కాలిపోదు. దానికి కట్టిన ప్రీమియం ఏ రోజుకూ అక్కరకు రాదు.

ఇంత కోత లేకుండా బయటపడే వీలు అసలు లేదా అంటే కొంత ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక పాలసీలు అమల్లోకి తెచ్చింది. ఒకచోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లు దాటి 50 కోట్ల లోపువాటికి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష వచ్చాయి. వీటిలో బీమా మొత్తం అసలు విలువకన్నా 15 శాతం వరకు తక్కువున్నా పట్టించుకోరు. మన వ్యాపారి విషయంలో 4 కోట్లకు 15 శాతం తగ్గిస్తే 3.4 కోట్లు. పాలసీలో ఆ మాత్రం రాసి ఉంటే 75 లక్షల్లో వాటా కోత పడేదే కాదు. ఆయన దగ్గర తక్కువైంది 15 శాతం కాదు, 60 శాతం. ఇళ్ల కోసం అదే రోజున వచ్చిన భారత్ గృహ రక్షలో మాత్రం ఈ వాటా కోత అసలే లేదు. అందుకే ఇంటి క్లెయిము చూసినవాళ్లు గోదాము క్లెయిము కూడా అలాగే ఉంటుందనుకుని పొరబడతారు.

మంట ఆరాక పాలసీలో అంకె పెంచడం కుదరదు. కానీ సర్వేయర్ రాసిన అసలు విలువను సరిచూసుకోవడం కుదురుతుంది, తప్పకుండా చూసుకోవాల్సిందీ అదే. భాగారంలో కింది అంకె తగ్గిన కొద్దీ చేతికొచ్చేది పెరుగుతుంది. ఏజెంటు రిజిస్టరు తిప్పుతుంటే ఒకచోట ఆగాడు. కాలకుండా మిగిలిన లాట్లలో 500 టిక్కీలను మంటకు వారం ముందే వేరే ఊరి వ్యాపారికి అమ్మేశారు. బిల్లు అయింది, డబ్బు ముట్టింది, లారీ మాత్రం రాలేదు. ఆ సరుకు ఇక ఈయనది కాదు. దాన్ని తీసేస్తే గోదాములో ఈయన సరుకు 4,500 టిక్కీలు, 3.6 కోట్లు. అప్పుడు 75 లక్షల్లో 33 లక్షల 33 వేలు రావాలి. బిల్లు, బ్యాంకులో డబ్బు పడిన ఆధారం జతచేసి సర్వేయర్‌కు రాస్తే ఆయన దాన్ని పరిశీలించక తప్పదు. ఇలాగే విలువ కట్టేటప్పుడు కొన్న ధర బదులు లాభం కలిపిన అమ్మకం ధర వేశారా, వేరే గోదాములోని సరుకు కూడా ఇందులో పడిందా అనేవీ చూడాలి. ఒకవేళ రైతులో, ఇతర వ్యాపారులో దాచుకున్న టిక్కీలు కాలి ఉంటే అది వేరే చిక్కు. ఇతరుల సరుకుకూ పాలసీ వర్తిస్తుందని అందులో రాసి ఉంటే తప్ప వాటి నష్టం రాదు.

మరి ధర ఇంతలా ఎగిరీ పడే సరుకుకు ముందుగా ఏ అంకె రాయాలి? ఎక్కువ రాసినంత మాత్రాన ఎక్కువ రాదు. 4 కోట్లకు పాలసీ ఉండి, మంట రోజున లోపల 2 కోట్ల సరుకే ఉంటే 2 కోట్లకు మించి పైసా ఇవ్వరు. ఈ ఇబ్బంది కోసమే డిక్లరేషన్ పాలసీ అని ఒకటుంది. సీజనులో సరుకు గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో ఆ మొత్తానికి ముందు ప్రీమియం కట్టి, నెలనెలా గోదాములో ఉన్న సరుకు విలువను కంపెనీకి తెలియజేస్తూ ఉండాలి. ఏడాది చివర ఆ లెక్కలన్నీ చూసి, అదనంగా కట్టిన ప్రీమియం తిరిగిస్తారు. సాధారణంగా అది కట్టినదాంట్లో సగానికి మించదు.

అక్కడా ఓ మెలిక ఉంది. మంటకు ముందు చివరిసారి తెలియజేసిన విలువ నిజంగా చెప్పాల్సినదాని కన్నా తక్కువని తేలితే క్లెయిమును అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. 4 కోట్లు ఉండగా ప్రీమియం కలిసొస్తుందని 3 కోట్లే రాసి పంపితే, పాలసీ 4 కోట్లదైనా చేతికొచ్చేది ముప్పాతికే. వాటా లెక్క తలుపులోంచి పోయి కిటికీలోంచి వస్తుంది.

డిక్లరేషన్ పాలసీ తలనొప్పి వద్దనుకునేవాళ్లు ఏడాది మధ్యలోనే బీమా మొత్తం పెంచుకోవచ్చు. ధర పెరిగిన వారమే కంపెనీకి రాసి, మిగిలిన నెలలకు అదనపు ప్రీమియం కడితే పాలసీకి ఓ ఎండార్స్‌మెంట్ కాగితం జతవుతుంది. రెన్యువల్ దాకా ఆగాల్సిన పని లేదు.

సర్వేయర్‌కు ఉత్తరం రాయడం అయ్యాక, నెలాఖరుకు రావాల్సిన రెన్యువల్ ఫారాన్ని ఏజెంటు అప్పుడే బల్ల మీద పెట్టాడు. ఆ సరికి యార్డులో మిర్చి ధర పడుతోంది. కొత్త పంట 12,000 దగ్గర పలుకుతోంది.

‘‘ఇప్పుడు లోపల ఉన్న సరుకెంతో అది రాయవయ్యా,’’ అన్నాడు వ్యాపారి.

‘‘ఇవాళ్టిది కాదు బాబాయ్ గారూ. ఈ ఏడు మొత్తంలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని ఉంటాయి?’’

వ్యాపారి గుమస్తా వైపు చూశాడు. గుమస్తా రిజిస్టరులో కిందటి రెండేళ్ల ఏప్రిల్ పేజీలు తిప్పి, ‘‘ఏప్రిల్లో ఆరువేల దాకా వస్తాయండీ,’’ అన్నాడు. 6,000 టిక్కీలు, 2,400 క్వింటాళ్లు, క్వింటాలు 12,000. ఏజెంటు సరుకు గడిలో 2 కోట్ల 88 లక్షలు రాశాడు. కట్టడం గడిలో ఉన్న 80 లక్షలు కొట్టేసి 50 లక్షలు చేశాడు. వ్యాపారి ఫారం తన వైపు లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, సంతకం పెట్టే ముందు అడిగాడు: ‘‘జూన్‌లో ధర మళ్లీ లేస్తే నీకు ఫోను చేయాల్సింది నేనా, గుమస్తానా?’’